పరుపు బరువెంత?

మేడమీద గదికి పరుపు కొనాలని గుంటూరులో మా అక్క రెండు కొట్లు తిరిగి రెండు చీటీలు తెచ్చుకుంది. మొదటి చీటీలో ఇలా ఉంది: "78 × 60, 6 అంగుళాలు, హై డెన్సిటీ ఫోమ్, ఆర్థో మీడియం ఫర్మ్, ప్రీమియం క్లాత్, 11,500." రెండో దానిలో: "78 × 60, 5 అంగుళాలు, హెచ్‌ఆర్ ఫోమ్ 40 డెన్సిటీ, మీడియం, జిప్పు కవరు, 13,000."

"అంగుళం ఎక్కువ, పదిహేను వందలు తక్కువ. ఇంకా ఆలోచించడానికేముందిరా?" అంది అక్క.

రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. ఎందుకంటే మొదటి చీటీలో అంకె అన్నది కొలతల్లో మాత్రమే ఉంది. మిగతావన్నీ మాటలు. హై డెన్సిటీ అంటే ఎంతకంటే హై? ప్రీమియం అంటే గజం ఎంత బరువున్న బట్ట? ఆర్థో అన్న మాటకైతే ఏ కొలతా లేదు, ఎవరైనా ఏ పరుపు మీదైనా అచ్చు వేసుకోవచ్చు. రెండు వస్తువుల్ని పోల్చాలంటే రెండింటికీ ఒకే రకం అంకె ఉండాలి. అలాంటి అంకె ఒకటి ఉంది. కొట్లో ఎవరూ చెప్పరు, కొనేవాళ్లూ అడగరు. అది బరువు.

మా అమ్మ కాలంలో పరుపుని బరువుతోనే చెప్పుకునేవారు. దూదేకే ఆయన వింటిబద్ద భుజాన వేసుకుని వీధిలోకి వచ్చేవాడు. బేరం మొదలయ్యేదే "ఎన్ని కేజీలు పెట్టమంటారమ్మా?" అన్న మాటతో. పది కేజీల పరుపు, పన్నెండు కేజీల పరుపు అనేవారు. ఎంత ఎత్తు వస్తుందని అడిగితే ఆయన నవ్వి, "ఏకినప్పుడు ఎంతెత్తయినా వస్తుంది, పడుకున్నాక మిగిలేది దూదే" అనేవాడు. ఫోమ్ పరుపుకీ ఇది అక్షరాలా వర్తిస్తుంది. ఫోమ్ అంటే గాలి బుడగల చుట్టూ ఉన్న పల్చటి గోడలు. మన ఒంటి బరువు మోసేది ఆ గోడలే. ఒకే చోటులో గోడల సరుకు తక్కువ పోస్తే పరుపు ఎత్తుగానే కనిపిస్తుంది, చేత్తో నొక్కితే బాగానే ఉంటుంది, కానీ ఏడాదో రెండేళ్లో తిరిగేసరికి నడుం ఆనే చోట గుంట పడుతుంది.

డెన్సిటీ అంటే ఇంతే. ఘనమీటరు ఫోమ్ ఎన్ని కేజీలు తూగుతుందో ఆ అంకె. దీన్ని కొట్టువాడి నోటి నుంచే వినక్కర్లేదు, మనమే కట్టుకోవచ్చు. మా ఇంట్లో అమెరికా ప్రయాణాలప్పుడు సూట్‌కేసులు తూచుకునే కొక్కెం తూకం ఒకటుంది. ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంటోంది. అది పట్టుకుని మర్నాడు అక్కా నేనూ రెండు కొట్లకీ వెళ్లాం. పరుపుకి తాడు కట్టి, కొట్లో కుర్రవాళ్లిద్దరు ఎత్తి పట్టుకుంటే, తూకం చూడటానికి నిమిషం పట్టింది. మొదటి పరుపు 12.5 కేజీలు. రెండోది 17.5.

అంగుళం ఎత్తు ఎక్కువున్న పరుపు అయిదు కేజీలు తక్కువ తూగింది. అక్క ముఖం అక్కడే మారింది. అయినా లెక్క పూర్తిగా వేద్దామని చీటీ వెనక రాశాను. మొదటి పరుపు 78 × 60 × 6 కలిపితే 28,080 ఘనపు అంగుళాలు. ఘనమీటరుకి దాదాపు 61,000 ఘనపు అంగుళాలు కాబట్టి ఈ పరుపు 0.46 ఘనమీటర్లు. బరువులో కవరు బరువు తీసెయ్యాలి. పైనా కిందా చుట్టూ కలిపి ఈ కొలత పరుపుకి ఏడు చదరపు మీటర్ల బట్ట పడుతుంది. మామూలు కవరు బట్ట చదరపు మీటరు 300 గ్రాములు అనుకుంటే సుమారు 2 కేజీలు. మిగిలిన 10.5 కేజీల్ని 0.46తో భాగిస్తే 23 వచ్చింది. రెండో పరుపు 23,400 ఘనపు అంగుళాలు, అంటే 0.38 ఘనమీటర్లు. 15.5ని దాంతో భాగిస్తే 40 దాటి కొంచెం. అంటే రెండో చీటీలో రాసింది నిజం. మొదటి చీటీలో "హై డెన్సిటీ" అన్నది 23.

రోజూ పెద్దవాళ్లు పడుకునే పరుపుకి ఫోమ్ డెన్సిటీ 32కి తగ్గితే నేను కొనను. 40 ఉంటే నిశ్చింత. ఎప్పుడో పండక్కి చుట్టాలొచ్చినప్పుడు పరిచే దానికి 28 అయినా సరిపోతుంది. 23 అంటే సోఫా వీపు దిళ్లకి వాడే సరుకు. 11,500కి 10.5 కేజీల ఫోమ్, 13,000కి 15.5 కేజీల ఫోమ్ అని చెప్పేసరికి, "మరి ఇది చీటీలో రాయొచ్చుగా?" అంది అక్క. అదే నా బాధ కూడా.

ఈ లెక్కకి హద్దులున్నాయి. ఒకే రకం ఫోమ్‌ని అదే రకంతో పోల్చినప్పుడే ఇది పనిచేస్తుంది. ఫోమ్ ముక్కలన్నీ నూరి, జిగురు కలిపి, అచ్చులో నొక్కి చేసేదాన్ని రీబాండెడ్ అంటారు. అది సహజంగానే బరువు, డెన్సిటీ 80, 100 దాకా ఉంటుంది. అంతమాత్రాన 40 డెన్సిటీ ఫోమ్ కంటే రెట్టింపు మంచిదని కాదు, అది వేరే వస్తువు. గట్టిగా ఉంటుంది, అడుగు పొరకి బాగుంటుంది. రబ్బరు పాలతో చేసే లేటెక్స్ కూడా బరువే. స్ప్రింగుల పరుపుకి ఇనుము తూగుతుంది కాబట్టి ఈ లెక్క అసలు కుదరదు. అందుకే పొరలున్న పరుపుకి "మొత్తం 6 అంగుళాలు" అంటే చాలదు. పైనుంచి కిందికి ఏ పొర ఏమిటి, ఎన్ని అంగుళాలు, డెన్సిటీ ఎంత అని మూడేసి అంకెలు రాయించుకోవాలి. "మెమరీ ఫోమ్ పరుపు" అని పేరు పెట్టినదాన్లో మెమరీ ఫోమ్ పైన ఒక్క అంగుళమే ఉండి, కింది అయిదంగుళాలూ ఇంకోటి కావచ్చు. ఆ పరుపు ఎన్నాళ్లు మన్నుతుందో తేల్చేది కింది అయిదంగుళాలే.

ఇంకో మోసం ఉంది. తూకం కోసం ఫోమ్‌లో సుద్దపొడి కలిపేవాళ్లున్నారు. డెన్సిటీ అంకె పెరుగుతుంది, బలం పెరగదు. కవరు జిప్పు తీసి ఫోమ్ అంచుని బొటనవేలితో గట్టిగా రుద్దితే వేలికి పొడి అంటుతుంది, చిన్న ముక్క చిదిమితే రబ్బరులా సాగకుండా పుటుక్కున తెగుతుంది. జిప్పు కవరున్న పరుపుని నేను ఇష్టపడేది అందుకే. లోపల ఏముందో చూడనిస్తుంది. నాలుగు వైపులా కుట్టేసిన పరుపుకి అమ్మేవాడి మాటే గతి.

మందం సంగతి మరో రెండు మాటలు చెప్పాలి. కవరు మీద డిజైను కుట్టు ఉబ్బెత్తుగా ఉంటే నడిమధ్య కొలిస్తే 6 అంగుళాలు, అంచున కొలిస్తే 5.5 వస్తుంది. పరుపు మీద అడ్డంగా ఒక కర్ర బద్ద పెట్టి, దాని అడుగు నుంచి మంచం పలక దాకా స్కేలుతో కొలవాలి. చుట్టచుట్టి డబ్బాలో వచ్చే పరుపైతే విప్పిన వెంటనే కొలవకూడదు. పూర్తిగా పొంగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అప్పటికీ చెప్పిన ఎత్తు రాకపోతే వెనక్కి పంపాల్సిందే. ఎత్తు ఎక్కువైన కొద్దీ మేలనుకోవడం కూడా సరికాదు. మా అక్క మంచం పాత టేకుది, ఎత్తు ఎక్కువ. దాని మీద 8 అంగుళాల పరుపు వేస్తే మా బావగారి మోకాళ్లకి దిగడం కష్టం. మంచం ఎత్తూ పరుపు మందం కలిపి, అంచున కూర్చుంటే అరికాళ్లు నేలకి పూర్తిగా ఆనాలి. అదొక్కటి చూసుకుంటే మందం మీద చాలామంది సందేహం తీరిపోతుంది.

ఇక గట్టిదనం. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. డెన్సిటీ ఎక్కువుంటే గట్టిగా ఉంటుందనుకుంటారు. కాదు. ఫోమ్ తయారీలో రసాయనాల పాళ్లు మార్చి, అదే 40 డెన్సిటీలో మెత్తటిదీ చేస్తారు, బిరుసుదీ చేస్తారు. డెన్సిటీ మన్నికని చెబుతుంది, గట్టిదనం ఈ రాత్రి ఎలా పడుకుంటామో చెబుతుంది. రెండూ వేరు వేరు అంకెలు, చీటీలో రెండూ ఉండాలి.

ప్రయోగశాలల్లో గట్టిదనాన్ని కొలిచే పద్ధతి చాలా తేలిక. 20 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి పలకని ఫోమ్‌లోకి దాని మందంలో ఇంత వంతు దిగేదాకా నొక్కుతారు, ఎంత బలం పట్టిందో రాసుకుంటారు. ఒకసారి పైపైన 25 శాతం దాకా, ఇంకోసారి లోతుగా 65 శాతం దాకా. ఈ రెండు బలాల నిష్పత్తి అన్నిటికంటే విలువైన సంగతి చెబుతుంది. లోతుగా నొక్కడానికి పైపైన నొక్కిన దానికి రెట్టింపు కూడా పట్టకపోతే, ఆ ఫోమ్ మొదట చేతికి గట్టిగా తగిలినా ఒళ్లు వాల్చాక జారిపోతుంది. రెండున్నర రెట్లు, ఆ పైన పడితే, పైన మెత్తగా ఉండి లోపల ఆపుతుంది. హెచ్‌ఆర్ ఫోమ్ అని పిలిచేది ఈ రెండో రకాన్ని. కొట్లో మనం అరచేత్తో నొక్కి చూసేది పైపొర గట్టిదనాన్నే. మోసే గుణం అరచేతికి తెలియదు.

ఆ నిష్పత్తి చీటీలో ఎవరూ రాయరు కాబట్టి మేం చేసిన పని చెబుతాను. అక్క సంచిలో చపాతీ పీట వేసుకుని వచ్చింది. ప్రతి కొట్లోనూ 20 లీటర్ల నీళ్ల క్యాను ఉంటుంది. పీట పరుపు నడిమధ్య పెట్టి, రెండు మూడు సార్లు చేత్తో అణిచి వదిలి, కర్ర బద్ద ఆసరాగా పీట ఎత్తు కొలిచాం. తర్వాత సగం నీళ్లున్న క్యాను, అంటే దాదాపు 10 కేజీలు, దాని మీద నిలబెట్టి, పడిపోకుండా పక్కన చెయ్యి కాచి, నిమిషం ఆగి ఎంత దిగిందో చూశాం. ఆ తర్వాత నిండు క్యానుతో అదే పని. మొదటి పరుపు 10 కేజీలకి అంగుళం దిగింది, 20 కేజీలకి రెండుంబావు దాటి మూడంగుళాలకి దగ్గరగా వచ్చింది. రెండోది 10 కేజీలకి అంగుళమే దిగింది, 20 కేజీలకి అంగుళంన్నర దాటి కొంచెం. చేతికి రెండూ ఒకేలా తగిలాయి. బరువు రెట్టింపయ్యాక తేడా బయటపడింది. ఇది ప్రయోగశాల అంకె కాదు. వేరే పీటతో చేసినవాళ్ల అంకెతో దీన్ని పోల్చలేం. ఒకే పీట, ఒకే క్యాను, ఒకే రోజు అయితే ఏ రెండు పరుపుల్నైనా పోల్చవచ్చు. మెమరీ ఫోమ్ అయితే వేళ కూడా ఒకటే ఉండాలి. చలికి బిగుసుకుని వేడికి మెత్తబడే సరుకది. ఏసీ కొట్లో గట్టిగా అనిపించింది మే నెలలో కరెంటు పోయిన రాత్రి లోపలికి లాగేసినట్టుంటుంది.

నడుం నొప్పికి గట్టి పరుపే మందని మన ఇళ్లలో బలంగా పాతుకుపోయిన మాట. బల్లమీద పడుకోమనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2003లో లాన్సెట్ పత్రికలో స్పెయిన్ వైద్యులు అచ్చువేసిన పరిశోధన ఒకటుంది. చాలాకాలంగా నడుంనొప్పి ఉన్న 313 మందికి, కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా గట్టిది ఇచ్చి 90 రోజులు చూశారు. పడక మీద ఉన్నప్పుడూ, లేచేటప్పుడూ నొప్పి తగ్గడంలో మధ్యస్థపు పరుపే మెరుగ్గా తేలింది. "ఆర్థో" అని రాసి రాయిలాంటి పరుపు అమ్మేవాళ్లని ఇందుకే నమ్మను. ఆ పరిశోధనలో వాడిన యూరప్ కొలబద్దలో 1 అంటే అతి గట్టిది, 10 అంటే అతి మెత్తనిది. ఇప్పుడు ఆన్‌లైన్లో అమ్మే చాలామంది దీన్ని తిరగేసి 10 అంటే గట్టిదంటారు. ఎవరైనా "గట్టిదనం 10కి 7" అని రాస్తే, ఏ చివర గట్టిదో అడగకుండా ఆ అంకెని లెక్కలోకి తీసుకోకండి. పైగా 50 కేజీల మనిషికి మధ్యస్థమైనది 90 కేజీల మనిషికి మెత్తనే. చీటీలో "మీడియం" పక్కన ఎంత బరువున్న మనిషికో కూడా రాస్తే ఎంత బాగుంటుంది! అది లేదు కాబట్టి పక్కకి తిరిగి పడుకుని, నడుం కింద ఖాళీలోకి అరచెయ్యి దూర్చి చూసుకోవాలి. చెయ్యి సులువుగా దూరిపోతే పరుపు మీకు గట్టిది. అసలు దూరకుండా పిరుదులు లోపలికి దిగిపోతే మెత్తనిది. ఒంటిని తాకుతూ దూరితే సరిపోయింది.

పరుపు తేలాక అక్క దుప్పట్ల మీద పడింది. అక్కడ మాటల హోరు ఇంకా ఎక్కువ. ఒక ప్యాకెట్ మీద "1000 టీసీ లగ్జరీ" అనుంది. పక్కన సాదా దుప్పటి మీద "180 టీసీ, 40 నంబరు నూలు, పూర్తి కాటన్" అనుంది. రెండూ 90 × 100 అంగుళాలే. టీసీ అంటే చదరపు అంగుళంలో పడుగు పోగులూ పేక పోగులూ కలిపిన లెక్క. వెయ్యి ఎక్కడ, నూట ఎనభై ఎక్కడ అనిపిస్తుంది.

ఇక్కడా తూకమే దారి. బట్ట బరువుని జీఎస్ఎం అంటారు, చదరపు మీటరుకి ఎన్ని గ్రాములని. 90 × 100 అంటే 9,000 చదరపు అంగుళాలు. మీటరుకి 1,550 చొప్పున భాగిస్తే 5.8 చదరపు మీటర్లు. దిండు గలీబులు తీసేసి దుప్పటి ఒక్కటే వంటింటి తూకం మీద పెడితే లగ్జరీ దుప్పటి 580 గ్రాములు, అంటే 100 జీఎస్ఎం. సాదాది 660 గ్రాములు, 114 జీఎస్ఎం.

ఇప్పుడు నేతగాళ్ల లెక్క ఒకటి పట్టుకుంటే ప్యాకెట్ మీది అబద్ధం దానంతట అదే బయటికొస్తుంది. నూలు నంబరంటే పౌను బరువుకి ఎన్ని చిలపలు వస్తాయన్నది. ఒక్కో చిలప 840 గజాలు. నంబరు పెరిగిన కొద్దీ నూలు సన్నం. టీసీని 25తో హెచ్చించి నూలు నంబరుతో భాగిస్తే బట్ట జీఎస్ఎం దాదాపుగా వస్తుంది. సాదా దుప్పటికి 180 × 25, దాన్ని 40తో భాగిస్తే 112. తూకం 114 చెప్పింది. రాసింది నిజం. లగ్జరీ దుప్పటికి నూలు నంబరు రాయలేదు కాబట్టి తిరగేసి చేశాను. 1000 × 25ని 100తో భాగిస్తే 250. అంటే ఆ దుప్పట్లో నిజంగా వెయ్యి పోగులుంటే అది 250 నంబరు నూలుతో నేసి ఉండాలి. సన్నదనానికి దేశమంతా చెప్పుకునే మన పొందూరు ఖద్దరు నూలు 100 నంబరు చుట్టుపక్కల ఉంటుంది. అంతకి రెట్టింపు దాటిన సన్నం నూలుతో నేసిన దుప్పటి తొమ్మిది వందలకి దొరకదు. జరిగేదేమిటంటే ఒక పోగులో పేనిన పాయల్ని విడివిడిగా లెక్కేసి అంకె పెంచుతారు, లేదా ఊరికే అచ్చువేస్తారు. కాటన్ దుప్పటికి టీసీ, నూలు నంబరు, జీఎస్ఎం మూడూ రాస్తే ఒకదాన్ని ఒకటి సరిచూసుకుంటాయి. ఒక్క టీసీనే పెద్ద అక్షరాల్లో రాశారంటే మిగతా రెండూ దాస్తున్నారని నా అనుభవం.

ఆ లగ్జరీ దుప్పటి అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపిస్తే కాగితంలా కాలి బూడిద కాలేదు. కరిగి నల్లటి పూసలా గట్టిపడింది. పాలియెస్టరు మైక్రోఫైబరన్నమాట. వాడుకోకూడదని కాదు, తొందరగా ఆరుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు. కానీ మన ఉక్కపోతలో చెమట పీల్చదు. జీఎస్ఎం ఒక్కటే చూస్తే ఈ తేడా తెలియదు, పక్కన నూలు జాతి కూడా ఉండాలి.

కాటన్‌లో 110 నుంచి 125 జీఎస్ఎం మన ఎండలకి సరిపోతుంది. 140 దాటితే నిండుగా, ముడతల్లేకుండా పరుచుకుంటుంది, కానీ వానాకాలం వరండాలో రెండు రోజులు ఆరదు. కొత్త దుప్పట్లో గంజి కూడా తూగుతుంది. మొదటి ఉతుకు తర్వాత తూచితే అసలు బరువు. రజాయి మీద మాత్రం జీఎస్ఎం చూసి పొరబడకండి. అక్కడ "120 జీఎస్ఎం" అంటే చాలావరకు లోపల నింపిన దూది బరువు, పైబట్టది కాదు. దుప్పటి అంకెనీ రజాయి అంకెనీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

దుప్పటి కొలతకి పరుపు మందంతో చుట్టరికం ఉంది. అక్క పరుపు పొడవు 78. రెండు చివర్లా మందం అయిదేసి, కిందికి మడవడానికి ఆరేసి కలిపితే 100 అంగుళాలు కావాలి. దుప్పటి సరిగ్గా 100. కానీ కాటన్ మొదటి రెండు మూడు ఉతుకుల్లో నూటికి అయిదు దాకా కుంచించుకుపోవచ్చు. 95 మిగిలితే మడవడానికి ఒక్కో చివర మూడున్నర అంగుళాలు. పర్లేదు, నిలుస్తుంది. అదే 8 అంగుళాల పరుపు కొని ఉంటే ఒక్కో చివర మిగిలేది అరంగుళం, పొద్దున్నకి దుప్పటి కాళ్లదగ్గర ఉండ చుట్టుకుని ఉంటుంది. చుట్టూ ఎలాస్టిక్ ఉన్న దుప్పటైతే మూల లోతు ఎంతో రాయాలి, అది పరుపు మందం కంటే కనీసం రెండంగుళాలు ఎక్కువ ఉండాలి. "క్వీన్ సైజ్" అన్న మాట ఈ లెక్కలకి ఏమీ చెప్పదు.

ఇక ఎలా చూసుకోవాలన్నది. దీన్ని చీటీ అడుగున చిన్న అక్షరాల్లో వేస్తారు గానీ, పైన కట్టిన అంకెలు ఎన్నాళ్లు నిలుస్తాయో చెప్పేది అదే. అమ్మ అలవాటుగా పరుపుని మేడమీద ఎండలో వేస్తుంది. దూది పరుపుకి అది ప్రాణం. చెమ్మ పోతుంది, దూది పొంగుతుంది. ఫోమ్‌కీ లేటెక్స్‌కీ అదే ఎండ విషం. పసుపెక్కి, పెళుసుబారి, అంచులు పొడిగా రాలతాయి. వీటిని నీడలో, గాలి తగిలేచోట నిలబెట్టాలి. మంచానికి సందుల్లేని ప్లైవుడ్ పలక ఉంటే పరుపు అడుగున చెమ్మ నిలిచి నల్లటి బూజు మచ్చలొస్తాయి. బందరు, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. మూడు నెలలకోసారి తల వైపు కాళ్ల వైపుకి తిప్పాలి. కానీ మెత్తటి పొర ఒకవైపే ఉన్న పరుపుని బోర్లించకూడదు. బోర్లించవచ్చో లేదో చీటీలో రాయాలి.

కాటన్ దుప్పటిని 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికితే దుమ్ము పురుగులు చస్తాయి. ఉబ్బసం ఉన్న ఇంట్లో ఇది చూసి కొనాలి. పరుపు మీద వేసే వాటర్‌ప్రూఫ్ తొడుగుని మాత్రం వేడి నీళ్లకీ ఇస్త్రీకీ దూరంగా ఉంచాలి, అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర విడిపోతుంది. ఆ తొడుగు లేకుండా పరుపు వాడకండి. మరక పడితే వారంటీ చెల్లదని చాలా కంపెనీల కాగితాల్లో ఉంటుంది. గుంట పడ్డా, దాని లోతు అంగుళమో అంగుళంన్నరో దాటితేనే మారుస్తామంటారు, అదీ ఎవరూ పడుకోని పరుపు మీద కొలిస్తేనే. "పదేళ్ల వారంటీ" అన్న పెద్ద అంకె కంటే ఆ గుంట లోతు అంకె అడిగి తెలుసుకోండి.

రెండో పరుపే కొన్నాం. బిల్లు మీద కొట్టాయన చేత అక్క రాయించింది: "78 × 60 × 5, ఒకే పొర హెచ్‌ఆర్ ఫోమ్, 40 డెన్సిటీ, కవరుతో బరువు 17.5 కేజీలు, బోర్లించవచ్చు, ఎండలో వేయరాదు." ఆయన బరువు రాయడానికి మొదట తటపటాయించాడు. "ఎవరూ అడగరమ్మా" అన్నాడు. రాశాక చీటీని తనే ఒకసారి చదువుకుని, లోపలున్న కుర్రవాణ్ని పిలిచి మిగతా పరుపులు కూడా తూచి రాసి ఉంచమన్నాడు.

ఇంటికొచ్చాక అక్క పరుపు మూలనున్న చీటీ గుడ్డ మీద చెరగని పెన్నుతో తేదీ వేసింది. ఈ సంక్రాంతికి నేను వెళ్లేసరికి ఏడాది నిండింది. దుప్పటి తీసి, ఈ చివర నుంచి ఆ చివరకి దారం బిగించి పట్టుకుంది. నడుం ఆనే చోట దారానికీ పరుపుకీ మధ్య స్కేలు నిలబెట్టి చూశాను. నాలుగు మిల్లీమీటర్లు. తేదీ పక్కనే ఆ అంకె కూడా రాసి, మళ్లీ దుప్పటి పరిచింది.